డిపాజిట్ బీమా

డిపాజిట్ బీమా అనగా, ఒక బ్యాంకు మూతపడినచో అందులో ఖాతాదారులు దాచుకున్న సొమ్మును ఒక నిర్ణీత పరిమితి వరకు తాను చెల్లిస్తానని మరొక సంస్థ ముందుగానే ఇచ్చే హామీ. సాధారణంగా ఈ సంస్థ ప్రభుత్వానికి లేదా కేంద్ర బ్యాంకుకు చెందినదై ఉంటుంది. ప్రీమియాన్ని ఖాతాదారుడు కాక బ్యాంకు చెల్లిస్తుంది. భారతదేశంలో ఈ పనిని రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ అయిన డిపాజిట్ ఇన్సూరెన్స్ అండ్ క్రెడిట్ గ్యారంటీ కార్పొరేషన్ నిర్వహిస్తున్నది.

ఖాతాదారులందరూ ఒక్కసారిగా డబ్బు వెనక్కు తీసుకోవడానికి బ్యాంకు మీదికి ఎగబడటాన్ని నివారించడం ఈ బీమా ముఖ్యోద్దేశ్యం. ఆ పనిని ఇది చాలావరకు సాధించింది. అయితే సొమ్ముకు హామీ ఉన్నందువలన ఖాతాదారులు తమ బ్యాంకు ఎలా నడుస్తున్నదో గమనించడం మానివేస్తారు. దానిని ఆసరాగా తీసుకొని బ్యాంకు యాజమాన్యాలు ఎక్కువ ప్రమాదకరమైన వ్యాపారాలకు పూనుకొనే అవకాశం ఏర్పడుతుంది. ఈ రెండవ ఫలితాన్ని ఆర్థికశాస్త్రంలో *మోరల్ హజార్డ్* అంటారు. తెలుగులో దీనిని *నైతిక ప్రమాదం* అనవచ్చు.

## బ్యాంకుపై పరుగు

బ్యాంకు ఖాతాదారుల సొమ్మును పెట్టెలో పెట్టి ఉంచదు. అందులో కొంత మాత్రమే నగదుగా ఉంచుకొని, మిగిలినది ఇళ్ళకు, పరిశ్రమలకు, వర్తకులకు అప్పుగా ఇస్తుంది. ఖాతాదారుడు తన సొమ్మును ఎప్పుడైనా అడగవచ్చు, కాని బ్యాంకు ఇచ్చిన అప్పులు వసూలు కావడానికి సంవత్సరాలు పడుతుంది. మామూలు రోజులలో ఏ కొద్దిమందో డబ్బు తీసుకుంటారు, అంతేమంది వేస్తారు. కనుక ఇబ్బంది ఉండదు. అందరూ ఒకేసారి అడిగితే మాత్రం చక్కగా నడిచే బ్యాంకు కూడా నిలబడలేదు.

దీనిని ఒక ఊహాజనితమైన బ్యాంకు లెక్కతో చూడవచ్చు. ఆ బ్యాంకులో 100 కోట్ల రూపాయల డిపాజిట్లు, వాటాదారుల మూలధనం 8 కోట్లు ఉన్నాయనుకొందాం. మొత్తం 108 కోట్లలో 12 కోట్లు నగదు, 96 కోట్లు మంచి అప్పులు. గడువు వరకు ఆగితే అప్పులన్నీ వసూలవుతాయి. తొందరపడి వాటిని వేరొకరికి అమ్మవలసి వస్తే రూపాయికి 75 పైసలే వస్తాయి.

ఖాతాదారులు 12 కోట్ల వరకు తీసుకుంటే నగదు సరిపోతుంది. 36 కోట్లు తీసుకుంటే మిగిలిన 24 కోట్ల కోసం 32 కోట్ల విలువగల అప్పులను అమ్మాలి. ఆ అమ్మకంలో 8 కోట్ల నష్టం వస్తుంది, అంటే మూలధనం మొత్తం హరించుకుపోతుంది. అందరూ వస్తే బ్యాంకు సమకూర్చగలిగినది 12 కోట్ల నగదు, అప్పుల అమ్మకంపై 72 కోట్లు, వెరసి 84 కోట్లు మాత్రమే. వరుసలో ముందు నిలిచినవారికి పూర్తి సొమ్ము దక్కుతుంది. చివరి 16 కోట్ల వారికి ఏమీ మిగలదు.

ఇప్పుడు ఒక ఖాతాదారుని ఆలోచన ఎలా ఉంటుందో చూద్దాం. బ్యాంకు మంచిదేనని అతనికి తెలుసు. అయినా ఇతరులు పరుగెత్తుతారని అనుమానం వస్తే, వారికంటే ముందు వెళ్ళడమే అతనికి లాభం. ఇతరులు కూడా ఇలాగే ఆలోచిస్తారు. అందుచేత పుకారు అబద్ధమైనా, దానిని నమ్మినవారి చర్యల వలన అది నిజమవుతుంది. డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్‌విగ్ అనే అమెరికా ఆర్థికవేత్తలు 1983లో ప్రచురించిన వ్యాసంలో ఈ తర్కాన్ని గణితరూపంలో చూపారు. 2022లో వీరికి బెన్ బెర్నాంకీతో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బీమా ఈ తర్కాన్ని మొదట్లోనే తుంచివేస్తుంది. వరుసలో చివర నిలిచినా తన సొమ్ము వస్తుందని తెలిసినవాడు అసలు వరుసలోకే రాడు. ఎవరూ రాకపోతే బ్యాంకు అప్పులను నష్టానికి అమ్మవలసిన అవసరమే రాదు. కనుక పూర్తిగా నమ్మదగిన బీమా, పరుగును ఆపే మేరకు, ఒక్క రూపాయి కూడా చెల్లించకుండానే పని చేస్తుంది. ఇల్లు తగలబడకుండా అగ్ని బీమా ఆపలేదు. డిపాజిట్ బీమాకు మాత్రం తాను బీమా చేసిన ఆపదనే తగ్గించే గుణం ఉన్నది.

## అమెరికాలో ఆరంభం

అమెరికాలో 1930 నుండి 1933 వరకు సుమారు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. 1933 మార్చిలో అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పదవి స్వీకరించిన వెంటనే దేశంలోని బ్యాంకులన్నిటికీ సెలవు ప్రకటించవలసి వచ్చింది. అదే సంవత్సరం జూన్ 16న ఆయన సంతకం చేసిన బ్యాంకింగు చట్టం ద్వారా ఫెడరల్ డిపాజిట్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్ ఏర్పడింది. 1934 జనవరి 1 నుండి ఒక్కొక్క ఖాతాదారునికి 2,500 డాలర్ల వరకు బీమా అమలులోకి వచ్చింది. ఆ సంవత్సరం మొత్తంలో బీమా ఉన్న బ్యాంకులలో మూతపడినవి 9 మాత్రమే.

ఈ చట్టానికి వ్యతిరేకత కూడా గట్టిగానే వచ్చింది. రూజ్‌వెల్ట్ సైతం మొదట దీనికి సుముఖంగా లేడు. మంచి బ్యాంకుల సొమ్ముతో చెడ్డ బ్యాంకులను పోషించినట్లవుతుందని, బ్యాంకర్లలో జాగ్రత్త నశిస్తుందని విమర్శకులు వాదించారు. 1908 తరువాత ఓక్లహోమా, నెబ్రాస్కా వంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా నడిపిన బీమా పథకాలు 1930 నాటికి దెబ్బతిని మూతపడటం వారి వాదానికి ఆధారమైంది. తరువాతి దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఈ భయం నిజం కాలేదు. వడ్డీ రేట్లపై గరిష్ఠ పరిమితులు, కఠినమైన నిబంధనలు ఉండటం అందుకు ముఖ్య కారణం. 1980 దశకంలో ఆ కట్టుబాట్లు సడలిన తరువాత నాటి విమర్శలోని సత్యం బయటపడింది.

## నైతిక ప్రమాదం ఎలా పుడుతుంది

పైన చెప్పిన ఊహాజనిత బ్యాంకునే మళ్ళీ తీసుకొందాం. దాని అప్పులలో 10 కోట్లు మొండి బాకీలయ్యాయనుకొందాం. ఇప్పుడు నగదు 12 కోట్లు, అప్పులు 86 కోట్లు, మొత్తం 98 కోట్లు. చెల్లించవలసిన డిపాజిట్లు 100 కోట్లు. వాటాదారుల మూలధనం పూర్తిగా పోయింది. ఈ రోజు బ్యాంకును మూసివేస్తే బీమా సంస్థకు 2 కోట్ల నష్టం.

బ్యాంకును మూయకుండా వదిలితే యజమాని ముందు ఒక అవకాశం ఉంటుంది. 20 కోట్లను ఒక సాహస వ్యాపారంలో పెట్టవచ్చు. అది ఫలించే అవకాశం నాలుగింట ఒక పాలు. ఫలిస్తే 40 కోట్లు వస్తాయి, లేకపోతే మొత్తం పోతుంది. సగటున చూస్తే 20 కోట్లకు 10 కోట్లే వచ్చే ఈ వ్యాపారంలో స్వంత డబ్బు పెట్టేవారెవరూ ఉండరు. బ్యాంకు యజమాని లెక్క వేరు. ఫలిస్తే బ్యాంకు ఆస్తి 118 కోట్లవుతుంది, అతనికి 18 కోట్లు మిగులుతాయి. విఫలమైతే ఆస్తి 78 కోట్లకు పడిపోతుంది, కాని అతని వాటా అంతకుముందే సున్నా కనుక అతడు కొత్తగా కోల్పోయేదేమీ లేదు. బీమా సంస్థ నష్టం మాత్రం 2 కోట్ల నుండి 22 కోట్లకు పెరుగుతుంది.

బీమా లేని చోట ఈ ఆటను ఖాతాదారులే అడ్డుకొంటారు. నష్టం తమదే కనుక వారు ఎక్కువ వడ్డీ అడుగుతారు, లేదా డబ్బు తీసుకొని వెళ్ళిపోతారు. బీమా ఉన్నచోట వారికి ఆ అవసరం లేదు. పైగా అటువంటి బ్యాంకు అరశాతం వడ్డీ ఎక్కువ ఇస్తానంటే సంతోషంగా సొమ్ము తెచ్చి వేస్తారు. అనగా పరుగును ఆపిన హామీయే, పరుగు భయం వలన బ్యాంకుపై ఉండే అదుపును కూడా తొలగిస్తుంది. ఇందులో ఖాతాదారుని తప్పు లేదు. పరిమితిలోపు సొమ్ము ఉన్నవాడు ఎక్కువ వడ్డీ కోరడం అతని దృష్టిలో సమంజసమే.

మూలధనం బాగా ఉన్న బ్యాంకులో ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే అక్కడ నష్టం మొదట యజమాని మీద పడుతుంది. మూలధనం సున్నాకు చేరువైన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. కనుక బీమా సంస్థకు అత్యంత ఖరీదైనది దివాలా తీసి కూడా తెరిచి ఉన్న బ్యాంకు.

## అమెరికా పొదుపు సంస్థల సంక్షోభం

పై లెక్క అక్షరాలా జరిగిన సందర్భం 1980 దశకంలో అమెరికాలో వచ్చిన సేవింగ్స్ అండ్ లోన్ సంస్థల సంక్షోభం. ఇవి ప్రజల పొదుపును స్వీకరించి గృహరుణాలు ఇచ్చే సంస్థలు. వీటి డిపాజిట్లకు 1934లో ఏర్పడిన వేరొక ప్రభుత్వ సంస్థ బీమా కల్పించేది.

ఈ సంస్థలు పాతిక ముప్పై సంవత్సరాల గడువుతో, మారని వడ్డీకి గృహరుణాలు ఇచ్చాయి. 1979 తరువాత ద్రవ్యోల్బణాన్ని అరికట్టడానికి అమెరికా కేంద్ర బ్యాంకు అవలంబించిన విధానం వలన మార్కెట్టు వడ్డీ రేట్లు బాగా పెరిగాయి. పాత అప్పులపై తక్కువ వడ్డీ వస్తూ ఉండగా, డిపాజిట్లపై ఎక్కువ వడ్డీ ఇవ్వవలసి వచ్చింది. అప్పుల నిజమైన విలువను లెక్కిస్తే వాటిలో చాలా సంస్థలు అప్పటికే దివాలా తీసినట్లే.

వాటిని మూసివేయడానికి బీమా సంస్థ వద్ద తగినంత నిధి లేదు. అందుచేత ప్రభుత్వం కాలమే వాటిని కాపాడుతుందని ఆశించి నిబంధనలను సడలించింది. సంస్థలు ఉంచవలసిన కనీస మూలధనాన్ని 5 శాతం నుండి 1980లో 4 శాతానికి, 1982లో 3 శాతానికి తగ్గించారు. నష్టాలు వెంటనే కనపడకుండా లెక్కల పద్ధతులను మార్చారు. 1980లోనే బీమా పరిమితిని 40,000 నుండి 1,00,000 డాలర్లకు పెంచారు. 1982 చట్టం ద్వారా వాణిజ్య భవనాలు, స్థలాల వంటి రంగాలకు ఎక్కువగా అప్పులిచ్చే స్వేచ్ఛ లభించింది.

యజమానికి పోగొట్టుకోవడానికి ఏమీ లేని సంస్థలకు ఎక్కువ బీమా, ఎక్కువ స్వేచ్ఛ ఒకేసారి లభించాయన్నమాట. ధనవంతుల సొమ్మును 1,00,000 డాలర్ల చొప్పున ముక్కలు చేసి, ఎక్కడ ఎక్కువ వడ్డీ ఇస్తే అక్కడ వేసిపెట్టే దళారులు బయలుదేరారు. బలహీనమైన సంస్థలు ఎక్కువ వడ్డీ ప్రకటించి, ఆ డబ్బుతో టెక్సాస్ తదితర ప్రాంతాలలో భవన నిర్మాణాలకు అప్పులిచ్చాయి. వాటితో పోటీ పడటానికి బాగా నడిచే సంస్థలు కూడా వడ్డీ పెంచవలసి రావడంతో అవీ బలహీనపడ్డాయి. 1986లో చమురు ధరలు కుప్పకూలడంతో టెక్సాస్‌లో స్థలాల ధరలు పడిపోయాయి. కొన్ని సంస్థలలో మోసాలు కూడా జరిగాయి.

చివరకు బీమా సంస్థే దివాలా తీసింది. 1989లో ప్రత్యేక చట్టం ద్వారా దానిని రద్దు చేసి, దాని బాధ్యతలను వేరే సంస్థలకు అప్పగించారు. 1986 నుండి 1995 వరకు 1,043 పొదుపు సంస్థలు మూతపడ్డాయి. మొత్తం నష్టం సుమారు 15,300 కోట్ల డాలర్లు. అందులో సుమారు 12,400 కోట్లు పన్ను చెల్లింపుదారులు భరించారు. ఇంత జరిగినా 1930 దశకం నాటి దేశవ్యాప్త పరుగులు పునరావృతం కాలేదు. బీమా చేసిన మేలు, కీడు రెండూ ఈ ఒక్క ఉదంతంలో కనిపిస్తాయి.

## భారతదేశంలో

1960 ఆగస్టులో కేరళకు చెందిన పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడింది. దాని ప్రభావంతో దేశంలో బ్యాంకులపై నమ్మకం సడలగా, 1961లో పార్లమెంటు డిపాజిట్ బీమా చట్టాన్ని ఆమోదించింది. 1962 జనవరి 1 నుండి బీమా కార్పొరేషన్ పని ప్రారంభించింది. తొలి పరిమితి 1,500 రూపాయలు. అది దశలవారీగా పెరిగి 1993లో 1,00,000 రూపాయలకు, 2020 ఫిబ్రవరి 4 నుండి 5,00,000 రూపాయలకు చేరింది.

ఈ పరిమితి ఒక బ్యాంకులో ఒక ఖాతాదారునికి వర్తిస్తుంది. అతని పేరున అదే బ్యాంకు శాఖలన్నిటిలో ఉన్న సొమ్మును అసలు, వడ్డీతో సహా కలిపి లెక్కిస్తారు. ఉదాహరణకు అసలు 4,60,000, వడ్డీ 60,000 ఉన్న వ్యక్తికి బీమా ద్వారా 5,00,000 అందుతుంది. మిగిలిన 20,000 కోసం బ్యాంకు ఆస్తులు అమ్మేవరకు వేచి ఉండాలి. వాణిజ్య బ్యాంకులు, సహకార బ్యాంకులు ఈ బీమా పరిధిలో ఉన్నాయి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు, చిట్‌ఫండ్‌లు, బ్యాంకింగేతర ఫైనాన్సు కంపెనీలు దీని పరిధిలోకి రావు.

భారతదేశంలో బీమా పరిహారాలలో అత్యధిక భాగం సహకార బ్యాంకుల ఖాతాదారులకే చెల్లించబడింది. ప్రీమియంలో అత్యధిక భాగాన్ని మాత్రం వాణిజ్య బ్యాంకులు చెల్లిస్తున్నాయి. హైదరాబాదులో 2001 తరువాత కృషి, చార్మినార్ మొదలైన సహకార పట్టణ బ్యాంకులు కూలిపోయినపుడు అప్పటి 1,00,000 రూపాయల పరిమితే ఖాతాదారులకు వర్తించింది.

2019 సెప్టెంబరులో బయటపడిన పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు వ్యవహారం ఈ బీమాలోని మరొక లోపాన్ని చూపింది. ఆ బ్యాంకు ఇచ్చిన అప్పులలో 70 శాతానికి పైగా ఒకే స్థిరాస్తి సంస్థకు చెందిన వర్గానికి వెళ్ళాయి. వాటిని కప్పిపుచ్చడానికి వేలకొలది నకిలీ ఖాతాలు సృష్టించారు. రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించి, మొదట ఒక్కొక్క ఖాతా నుండి 1,000 రూపాయలు మాత్రమే తీసుకోనిచ్చింది. బ్యాంకు రద్దయితేనో, విలీనమైతేనో తప్ప బీమా సొమ్ము రాదన్నది అప్పటి నిబంధన. ఆంక్షలలో ఉన్న బ్యాంకు రద్దు కాలేదు కనుక బీమా ఉండి కూడా ఖాతాదారులు నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. ఇటువంటి ఆలస్యం తప్పదని తెలిసినవాడు, బీమా ఉన్నప్పటికీ పుకారు వినగానే పరుగెత్తడమే మేలనుకుంటాడు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2021లో చట్టాన్ని సవరించారు. బ్యాంకుపై ఆంక్షలు విధించిన 90 రోజులలోగా పరిమితి మేరకు సొమ్ము చెల్లించాలన్నది ఆ సవరణలోని ముఖ్యాంశం.

## ప్రమాదాన్ని తగ్గించే మార్గాలు

పరిమితి, పాక్షిక బీమా. పెద్ద మొత్తాలకు బీమా లేకపోతే ఆ ఖాతాదారులైనా బ్యాంకును గమనిస్తారన్నది పరిమితి వెనుక ఉన్న ఆలోచన. అయితే గమనించేవారే పరుగెత్తేవారు కూడా. బ్రిటన్‌లో 2007 వరకు మొదటి 2,000 పౌండ్లకు పూర్తిగాను, తరువాతి 33,000 పౌండ్లకు 90 శాతం చొప్పునను హామీ ఉండేది. ఆ పది శాతం భయం చాలింది. 2007 సెప్టెంబరు 14న నార్దర్న్ రాక్ బ్యాంకు శాఖల ముందు జనం బారులు తీరారు. మూడు రోజుల తరువాత ప్రభుత్వం పూర్తి హామీ ప్రకటించవలసి వచ్చింది. 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకులో డిపాజిట్లలో 90 శాతానికి పైగా పరిమితికి మించినవే. మార్చి 9న ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు బయటకు పోయాయి. అక్కడ కూడా ప్రభుత్వం చివరకు డిపాజిట్లన్నిటికీ హామీ ఇచ్చింది. ఇటువంటి ప్రతి సందర్భం, కాగితంపై ఉన్న పరిమితి సంక్షోభంలో నిలవదనే భావాన్ని పెద్ద ఖాతాదారులలో పెంచుతుంది.

ప్రమాదాన్ని బట్టి ప్రీమియం. అందరికీ ఒకే రేటు ఉంటే సాహసించే బ్యాంకుకు జాగ్రత్తగల బ్యాంకు రాయితీ ఇచ్చినట్లవుతుంది. అమెరికా 1993 నుండి ప్రమాదాన్ని బట్టి ప్రీమియం వసూలు చేస్తున్నది. భారతదేశంలో ఒకే రేటు విధానం దశాబ్దాల పాటు కొనసాగింది. 2020 ఏప్రిల్ నుండి ఆ రేటు సంవత్సరానికి 100 రూపాయలకు 12 పైసలు. దాని స్థానంలో ప్రమాదాన్ని బట్టి ప్రీమియం ప్రవేశపెట్టాలనే ప్రతిపాదనను రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరులో ప్రకటించింది. అయితే బ్యాంకులోని ప్రమాదాన్ని ముందుగా కొలవడం కష్టం. పంజాబ్ అండ్ మహారాష్ట్ర బ్యాంకు లెక్కలు పైకి బాగానే కనిపించాయి.

మూలధనం, సకాలంలో మూసివేత. యజమాని సొంత సొమ్ము తగినంత ఉండేలా చూడటం, అది అడుగంటకముందే బ్యాంకును స్వాధీనం చేసుకోవడం అన్నిటికంటే ముఖ్యమైన మార్గం. పొదుపు సంస్థల అనుభవం తరువాత అమెరికా 1991లో చేసిన చట్టం, మూలధనం తగ్గుతున్న కొద్దీ అధికారులు తప్పనిసరిగా తీసుకోవలసిన చర్యలను మెట్లుగా నిర్దేశించింది. చర్య తీసుకోవాలా వద్దా అనే విచక్షణను తగ్గించడమే దీని ఉద్దేశ్యం. మూసివేత ఎప్పుడూ ఒక అధికారి వైఫల్యంగా కనిపిస్తుంది కనుక వాయిదా వేయాలనే ఒత్తిడి ఎక్కువ.

ప్రపంచ బ్యాంకుకు చెందిన అస్లీ డెమిర్‌గుచ్-కుంట్, ఎన్రికా డెట్రాజియాకే అనే ఆర్థికవేత్తతో కలిసి 1980-97 కాలానికి 61 దేశాలను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. చట్టబద్ధమైన డిపాజిట్ బీమా ఉన్నచోట బ్యాంకింగు సంక్షోభాల సంభావ్యత పెరిగే ధోరణి ఉన్నదని, చట్టాలు, పర్యవేక్షణ బలహీనంగా ఉన్న దేశాలలో అది మరీ స్పష్టమని వారు తేల్చారు. ఖాతాదారులు మానివేసిన నిఘాను పర్యవేక్షకులు చేపట్టినప్పుడు మాత్రమే బీమా మేలు నిలుస్తుందని దీనిని బట్టి గ్రహించవచ్చు. హామీని పెంచి నిఘాను సడలించినచో, పరుగు రూపంలో వెంటనే కనిపించవలసిన నష్టం కొన్నేళ్ళు దాగి, పెద్దదై బయటపడుతుంది.

## ఇవి కూడా చూడండి

* భారతీయ రిజర్వు బ్యాంకు
* సహకార బ్యాంకులు
* మహా ఆర్థిక మాంద్యం
* ద్రవ్యోల్బణం